టెక్ సందేహాలు: ఫొటో అనువాదంలో తారుమారైన రక్తపరీక్ష అంకెలు

ప్రశ్న: నాన్నగారు మా దగ్గర ఉన్నప్పుడు ఇక్కడ రక్తపరీక్ష చేయించాం. ఆ రిపోర్టును ఫొటో అనువాద యాప్‌తో తెలుగులోకి మార్చి విజయవాడలో ఆయన డాక్టరుగారికి వాట్సాప్‌లో పంపాను. యాప్ కొన్ని అంకెలను మన లెక్కలోకి మార్చింది, కొన్నింటిని మార్చలేదు, తేదీ కూడా నెల తేడాగా పడింది. డాక్టరుగారు ‘ఇదేం రిపోర్టు’ అని అడిగారు. తేదీలు, యూనిట్లు, డాలర్లు యాప్ చేత మార్పించాలా, ఉన్నవి ఉన్నట్టు వదిలేయాలా?
— ఒక పాఠకుడు, బ్రాంప్టన్, కెనడా

జవాబు: చిత్రం మీద వదిలేయాలి. మార్చిన విలువ అవసరమైతే అది చిత్రానికి బయట, అసలు విలువ పక్కనే ఉండాలి. ‘Fasting’ అన్న మాటను ‘పరగడుపున’ అని రాయడం అనువాదం. రిపోర్టులోని గ్లూకోజ్ 7.8ని 140 చేయడం అనువాదం కాదు, అది లెక్క కట్టడం. లెక్క కట్టినవారు ఏ సూత్రంతో కట్టారో చెప్పాలి. అసలు అంకెను చెరిపి దాని చోటనే కొత్త అంకెను అదే రంగులో, అదే సైజులో కూర్చోబెట్టే యాప్‌ను తయారుచేసినవారికి ఈ తేడా పట్టినట్టు లేదు. ఈ ఏడాది ఇలాంటి చిత్రాలు నాకు చాలా వచ్చాయి, అన్నింటిలోనూ జబ్బు ఇదే.

మీరు పంపిన రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూశాను. అసలు రిపోర్టులో పరగడుపు గ్లూకోజ్ 7.8 mmol/L అని, మొత్తం కొలెస్టరాల్ 5.2 mmol/L అని ఉంది. యాప్ ఇచ్చిన చిత్రంలో గ్లూకోజ్ 140 mg/dL, కొలెస్టరాల్ 94 mg/dL అయ్యాయి. మొదటిది సరైనదే, రెండోది పూర్తిగా తప్పు. కొలెస్టరాల్ అసలు విలువ మన లెక్కలో సుమారు 201. రెండింటి యూనిట్ ఒకటే కదా అని యాప్ రెండింటినీ 18తోనే గుణించింది.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఇకమీద మీరే పట్టుకోగలరు. మన దేశంలోని లాబ్‌లు సాధారణంగా వాడే mg/dL, ఒక డెసిలీటరు రక్తంలో ఆ పదార్థం ఎన్ని మిల్లీగ్రాముల బరువుందో చెబుతుంది. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో వాడే mmol/L బరువును చెప్పదు, ఒక లీటరులో ఆ పదార్థపు అణువులు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. నూరు నిమ్మకాయలు, నూరు కొబ్బరికాయలు లెక్కకు సమానమే గానీ తక్కెడలో సమానం కావు. అణువుల లెక్కకు వాడే నిర్ణీత సంఖ్యను మోల్ అంటారు. అలాగే గ్లూకోజ్ ఒక మోల్ సుమారు 180 గ్రాములు తూగితే కొలెస్టరాల్ ఒక మోల్ సుమారు 387 గ్రాములు తూగుతుంది. అందువల్ల గ్లూకోజ్‌ను 18తో, కొలెస్టరాల్‌ను 38.7తో, ట్రైగ్లిజరైడ్లను 88.6తో గుణించాలి. అంటే యూనిట్‌ను చదివినంత మాత్రాన మార్పు సాధ్యం కాదు, ఆ వరుసలో ఎడమవైపున ఏ పదార్థం పేరు ఉందో కూడా తెలియాలి. కిలోమీటర్లను మైళ్లు చేసినట్టు దీన్నీ చేసేయవచ్చునని అనుకున్న యాప్ ఇక్కడే బోల్తా పడింది.

మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ వరుసలో జరిగింది మరో రకం పొరపాటు. అసలు కాగితంలో 97 µmol/L అని స్పష్టంగా ఉంది. యాప్ ఆ విలువను మార్చలేదు, మంచిదే, కానీ మొదట్లో ఉన్న µ అనే గ్రీకు అక్షరాన్ని m అని చదివి 97 mmol/L అని రాసింది. మైక్రోకూ మిల్లీకీ మధ్య తేడా వెయ్యి రెట్లు. 97 మైక్రోమోల్‌ను 88.4తో భాగిస్తే మనకు అలవాటైన 1.1 mg/dL వస్తుంది. యాప్ రాసినదాన్నే నమ్మితే అది సుమారు 1,100 అవుతుంది, అలాంటి మనిషి ఉండడు. మీ డాక్టరుగారు ‘ఇదేం రిపోర్టు’ అని అడిగింది బహుశా ఈ వరుస చూసే. కొన్ని లాబ్‌లు µ బదులు మామూలు u అక్షరం ముద్రిస్తాయి.

చేత కాలిక్యులేటర్ లేకపోయినా తప్పును పట్టుకునే మార్గం ఆ కాగితంలోనే ఉంది. ప్రతి వరుసలోనూ ఫలితం పక్కన మామూలు పరిమితి ఉంటుంది. గ్లూకోజ్‌కు మీ రిపోర్టులో 3.6 నుంచి 6.0 అని ఉంది, అంటే 7.8 పై హద్దుకు 1.3 రెట్లు. ఫలితాన్నీ పరిమితినీ ఒకే సూత్రంతో మార్చి ఉంటే ఈ నిష్పత్తి చెదరకూడదు, 140కి పక్కన 108 ఉండాలి. మీ యాప్ ఫలితాన్ని 140 చేసి, పరిమితిని 6.0గానే వదిలేసింది. పెద్దాయన షుగర్ హద్దుకు ఇరవై మూడు రెట్లు దాటినట్టు కనిపించే కాగితాన్ని మీరు పంపారన్నమాట. సగం మార్చిన చిత్రం అసలు మార్చని చిత్రం కంటే ప్రమాదమని నేను అనడానికి కారణం ఇదే. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే హెచ్‌బీఏ1సీ మీ రిపోర్టులో మన దగ్గరలాగే శాతంలో ఉంది కాబట్టి దాని జోలికి పోనక్కరలేదు. బ్రిటన్ నుంచి వచ్చే కాగితాల్లో మాత్రం 6.5 శాతానికి బదులు 48 mmol/mol అని ఉంటుంది, అక్కడ ఒట్టి గుణకారం సరిపోదు, గుణించాక కొంత కలపాలి కూడా.

తేదీ విషయంలో యాప్‌ను పూర్తిగా తిట్టలేను. కెనడా ప్రభుత్వం సంవత్సరం, నెల, రోజు వరుసలో 2025-04-05 అని రాయమంటుంది గానీ అక్కడి కాగితాల్లో బ్రిటిష్ పద్ధతి, అమెరికా పద్ధతి రెండూ కనిపిస్తూనే ఉంటాయి. మీ రిపోర్టులో Collected 04/05/2025 అని ఉంది. యాప్ ఫోన్ భాష తెలుగు కదా అని మన పద్ధతిలో ‘4 మే 2025’ అని తేల్చేసింది. అదే కాగితంలో రెండు గీతల కింద Reported 04/07/2025 అని ఉంది. మన పద్ధతిలో చదివితే మే 4న తీసిన రక్తానికి జూలై 4న ఫలితం వచ్చినట్టు. అమెరికా పద్ధతిలో చదివితే ఏప్రిల్ 5న రక్తం తీసి 7న ఫలితం ఇచ్చారు. మామూలు షుగర్ పరీక్షకు రెండు నెలలు ఏ లాబ్‌కూ పట్టవు గనుక ఇది ఏప్రిల్ 5. ఇలా ఒకే కాగితంలోని మరో తేదీని సాక్ష్యంగా తీసుకోవాలి, లేదా 12 దాటిన అంకె ఎక్కడ ఉందో వెతకాలి. పుట్టిన తేదీని మాత్రం అంతగా నమ్మవద్దు, అది ఆసుపత్రి కంప్యూటర్ నుంచి వేరే పద్ధతిలో వచ్చి కూర్చుని ఉండవచ్చు. సాక్ష్యం దొరికితే ‘5 ఏప్రిల్ 2025’ అని నెలను మాటల్లో రాసి పంపండి. దొరకకపోతే అంకెలను అలాగే ఉంచి, లాబ్‌కు వెళ్లిన రోజును మీ జ్ఞాపకం నుంచి చెప్పండి.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. రసీదు మీద ఉన్న $ గుర్తు ఏ దేశపు డాలరో చెప్పదు. మీ రసీదు ఒంటారియోది కనుక అది కెనడా డాలరు, యాప్ దాన్ని అమెరికా డాలరుగా తీసుకుని రూపాయలు కట్టినట్టుంది. ఈ మధ్య కాలంలో ఆ రెండింటి విలువకూ పాతిక శాతానికి పైగా తేడా ఉంది. సరైన డాలరునే తీసుకున్నా రేటు రోజూ మారుతుంది కాబట్టి చెల్లించిన మొత్తాన్ని చిత్రంలో మార్చడం ఎప్పుడూ తప్పే. మన ₹ గుర్తుకు ఇంకో కష్టముంది. అది 2010లో వచ్చింది, అక్షరాలు గుర్తించే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని ఇప్పటికీ 7గానో 2గానో చదువుతాయి. ₹500 కాస్తా 7500 అవుతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం అంకెలు కావు. యాప్ మీకు ఇచ్చినది లాబ్ పేరు, లాబ్ ముద్ర, డాక్టరు సంతకం ఉన్న చిత్రం. అందులో లాబ్ ఎన్నడూ ఇవ్వని ఫలితాలు ఉన్నాయి, అవి మార్చినవని తెలిపే ఒక్క గుర్తూ లేదు. విజిటర్ ఇన్సూరెన్స్ క్లెయిము కోసం ఇదే చిత్రాన్ని పొరపాటున జతచేస్తే పరిశీలించేవారి కంటికి అది దిద్దిన పత్రమే. అనువాద యాప్ చేసిందని మీరు చెప్పుకోవాలి, వారు నమ్మాలి. అందుకే యాప్ చూపించిన దాన్ని తెర మీద చదువుకుని వదిలేయండి, చిత్రంగా సేవ్ చేయకండి.

ఇక రెండో సంగతి కొంచెం కటువుగానే చెప్పాలి. మీరు నాకు పంపిన చిత్రాల్లో నాన్నగారి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, లాబ్ ఫైలు నంబరు అన్నీ ఉన్నాయి. నేను వాటిని తొలగించాను, కానీ ఆ ఉచిత యాప్ సర్వర్‌కు కూడా ఇవే వెళ్లి ఉండవచ్చు. పేరు, పుట్టిన తేదీ, ఫైలు నంబరు తెలిసినవాడు ‘లాబ్ నుంచి మాట్లాడుతున్నాం, మీ షుగర్ 7.8 వచ్చింది’ అని ఫోన్ చేస్తే పెద్దవారు అనుమానించరు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి యాప్‌ను వాడి చూడండి. పనిచేయకపోతే చిత్రం బయటికి వెళుతున్నట్టే. పనిచేసినా తర్వాత పంపదన్న హామీ లేదు. కాబట్టి పేరు ఉన్న పై భాగాన్ని మడిచి, అప్పుడు ఫొటో తీయండి. హైలైటర్ బ్రష్‌తో నల్లగా పూసినది వెలుతురు పెంచితే మళ్లీ కనిపించవచ్చు. 2023లో ఒక రకం ఫోన్లలో క్రాప్ చేసి తీసేసిన భాగం కూడా ఫైలులోనే మిగిలిపోయిన లోపం బయటపడింది. మడత పెట్టిన కాగితానికి ఇలాంటి లోపాలు ఉండవు.

ఇప్పుడు చేయవలసింది ఇదీ. డాక్టరుగారికి అసలు రిపోర్టునే, మార్పు లేకుండా పంపండి. ఆయన ఇంగ్లిషు రిపోర్టులు రోజూ చదువుతారు, తెలుగు చేయవలసిన అవసరం మొదటి నుంచీ లేదు. దాని కింద విడిగా టైపు చేయండి: ‘రక్తం తీసినది 5 ఏప్రిల్ 2025. గ్లూకోజ్ 7.8 mmol/L, సుమారు 140 mg/dL. కొలెస్టరాల్ 5.2 mmol/L, సుమారు 201 mg/dL. క్రియాటినిన్ 97 µmol/L, సుమారు 1.1 mg/dL. మార్పు లెక్కలు నావి.’ మొదట పంపిన చిత్రాన్ని అందరికీ కనిపించకుండా తొలగించండి. వాట్సాప్ ఇచ్చే గడువు దాటిపోయి ఉంటే ఆ చిత్రాన్ని చూడవద్దని, తీసేయమని డాక్టరుగారినే అడగండి.