పోస్ట్ చేసే ముందు ఒక్కసారి చదువు, అల్లుడూ

అల్లుడూ,

మామిడి ధర గురించి ఎక్స్‌లో ఒక రిటైర్డ్ అధికారి పెట్టిన పోస్ట్‌కి నువ్వు రాసిన జవాబు డ్రాఫ్ట్ చదివాను. పోస్ట్ చేయకుండా ముందు నాకు పంపావు, మంచి పని చేశావు. పత్రిక డెస్కులో పాఠకుల ఉత్తరాలు దిద్దుతూ చాలా ఏళ్లు గడిపినవాణ్ణి కాబట్టి, నాకు తోచింది వివరంగానే రాస్తున్నాను.

ఆ రిటైర్డ్ అధికారి రాసింది ఇదీ: "తోతాపురికి ధర లేదని రైతులు గొడవ చేయడం దేనికి? గిరాకీ లేని రకం వేసుకున్నది వాళ్లే. బేనీషా వేసుకుని ఉంటే ఈ గతి పట్టేది కాదు." దానికి నీ జవాబు: "ఏసీ రూముల్లో కూర్చునే మేధావులకు మామిడి చెట్టు గురించి ఏం తెలుసు? రైతు కష్టం తెలియనివాళ్లు నోరు మూసుకుంటే మంచిది." దామలచెరువు మార్కెట్ ముందు ట్రాక్టర్ల వరసలో మీ నాయనతో పాటు ఎండలో నిలబడినవాడివి. నీకు కోపం రావడం న్యాయమే. కానీ ఆయన అన్నదాంట్లో ఏది తప్పో నీ జవాబులో ఎక్కడా లేదు. చదివినవాడికి నువ్వు కోపంగా ఉన్నావని మాత్రమే తెలుస్తుంది.

ముందు ఆయన పోస్ట్‌ని మళ్లీ చదువు. దాని కింద ఆయనే ఇంకేమైనా రాశారేమో కూడా చూడు. ఒక్కోసారి మనం అడగబోయేదానికి జవాబు అక్కడే ఉంటుంది. ఆయన మూడు మాటలు అన్నారు. ధర గురించి గొడవ అనవసరమన్నారు. ఆ రకాన్ని ఎంచుకున్నది రైతులేనన్నారు. వేరే రకమైతే బాగుపడేవాళ్లన్నారు. ఈ మూడింటి వెనకా ఒక నిజం ఉంది. జిల్లా అంతా ఒకే రకం మీద ఆధారపడితే, ఆ రకం ధర పడినప్పుడు అందరూ ఒకేసారి దెబ్బతింటారు. ఆ నిజాన్ని నీ మొదటి వాక్యంలోనే ఒప్పుకో. మొహమాటానికి కాదు, అది నిజం కాబట్టి. ఆయన పోస్ట్ నచ్చి లైక్ కొట్టినవాళ్లు నిన్ను చదవాలంటే, వాళ్లకు అందులో ఏది సబబుగా అనిపించిందో నీకూ అర్థమైందని తెలియాలి.

ఆ తర్వాత ఒక్క మాటనే పట్టుకో. నన్నడిగితే రెండోది. ఎందుకంటే తప్పంతా అక్కడే ఉంది. "గిరాకీ లేని రకం" అన్నారు కదా, మన చిత్తూరు రైతు తోతాపురి వేసిందే గిరాకీ చూసి. ఇక్కడి గుజ్జు ఫ్యాక్టరీలకు కావాల్సింది ఆ కాయే. అది ఏటా విరగకాస్తుంది, కానీ బేనీషాలా పండుగా తినడానికి జనం ఎక్కువగా కొనే కాయ కాదు. పైగా మామిడి వేరుశనగ కాదు, ఈ ఏడు ధర లేకపోతే వచ్చే ఏడు ఇంకోటి వేసుకుందామనుకోవడానికి. పాత చెట్టు కొమ్మలు నరికి వేరే రకం అంటు కట్టినా, మళ్లీ సరైన కాపు వచ్చేదాకా కొన్నేళ్ల ఆదాయం పోతుంది. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు, నీ డ్రాఫ్ట్‌లోకి మాత్రం ఒక్కటీ రాలేదు.

నేనైతే ఇలా రాస్తాను:

"ఒకే రకాన్ని నమ్ముకుంటే ధర పడినప్పుడు దెబ్బ తప్పదన్న మీ మాట నిజం సార్. కానీ చిత్తూరు రైతు తోతాపురి వేసింది ఇక్కడి పల్ప్ ఫ్యాక్టరీలు అదే కొంటాయి కాబట్టి. అంటు నాటాక కాపుకు నాలుగైదేళ్లు పడుతుంది. ఈ ఏడు ధర చూసి రకం మార్చలేడు. కొత్త కాపు వచ్చేదాకా ఏం చేయాలంటారు?"

ఇది ఎక్స్‌లో 280 అక్షరాల పరిమితిలోపే సరిపోతుంది. అక్కడ తెలుగు లెక్క వేరు. గుణింతం గుర్తు, పొల్లు, ఒత్తు అన్నిటినీ విడివిడిగా లెక్కేస్తుంది. "ఫ్యాక్టరీలు" మన కంటికి నాలుగక్షరాలే, అక్కడ మాత్రం 11. అందుకే తెలుగులో రాసేవాళ్లకు చోటు తొందరగా అయిపోతుంది, అప్పుడు చాలామంది కోసేసేది ఆ మొదటి ఒప్పుకోలు వాక్యాన్నే. దాన్ని మాత్రం తీయకు. చోటు చాలకపోతే విశేషణాలు తీసెయ్, ఇంకా చాలకపోతే మిగతాది నీ రిప్లై కిందే రెండో పోస్ట్‌గా పెట్టు.

చివరి ప్రశ్నని నిజంగా జవాబు కావాలనే అడుగు. "మీకీ విషయం తెలుసా?" అని అడిగితే అది ప్రశ్న కాదు, పరీక్ష. అలాగే "రకం మార్చుకోవాలట" అని చివర్లో 'అట' తగిలించడం, "మేధావి గారు" అనడం కూడా వద్దు. మీరు, గారు అంటూనే ఎద్దేవా చేయడం మన భాషలో చాలా సులువు, చదివేవాళ్లు దాన్ని అంతే సులువుగా పట్టేస్తారు.

ఇక రిప్లై పెట్టాలా, కోట్ చేయాలా అన్నావు. రిప్లై అంటే ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడటం. కోట్ అంటే ఆయన మాటను మన వీధిలోకి తెచ్చి మనవాళ్ల ముందు పెట్టడం. ఆయన జవాబు నీకు కావాలి కాబట్టి రిప్లైతోనే మొదలుపెట్టు. ఆయన రిప్లైలు కొందరికే పరిమితం చేసి ఉంటేనో, మన ఊరివాళ్లకు తెలియాల్సిన కొత్త సమాచారం నీ దగ్గర ఉంటేనో కోట్ చెయ్. కోట్ చేస్తే ఆయన వాదన ఏమిటో నీ మాటల్లో కూడా ఒక వాక్యం రాయి. రేపు ఆయన ఆ పోస్ట్ తీసేస్తే, నీది దేనికి జవాబో ఎవరికీ అర్థం కాకుండా పోతుంది. స్క్రీన్‌షాట్ పెట్టకు. నువ్వేమన్నావో ఆయనకు కబురందదు, చదివేవాళ్లు అసలు పోస్ట్ తెరిచి చూసుకోవడానికీ ఉండదు.

రెండో పోస్ట్‌లో అంకెలు పెట్టాలనుకుంటే ఏడాది చెప్పి పెట్టు. 2025 సీజన్లో తోతాపురి రైతుకు కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలని, 4 తాను ఇస్తానని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ కాయకు ప్రధాన కొనుగోలుదారు ఫ్యాక్టరీయేనని చెప్పడానికి ఇది పనికొస్తుంది. అంతవరకే వాడు. ప్రకటించినదాంట్లో రైతు చేతికి ఎంత వచ్చిందనేది వేరే గొడవ. దాన్నీ ఇందులో కలిపితే, ఆయన మొదటి ప్రశ్న వదిలేసి రెండోదానికి జవాబిస్తారు, రాజకీయం మాట్లాడేవాళ్లు వచ్చి మిగతాది నింపేస్తారు.

పోస్ట్ చేశాక ఓ గంట అందుబాటులో ఉండు. ఆయన తిట్టినా తిట్టకపోయినా, నీ తరఫున వచ్చి ఆయన్ని తిట్టేవాళ్లు ఉంటారు, కోట్ చేస్తే ఇంకా ఎక్కువమంది వస్తారు. వాళ్ల కామెంట్లకు లైక్ కొట్టకు. "ఆయనతో విభేదిస్తున్నాను గానీ ఈ మాటలు వద్దు" అని వాళ్ల కిందే రాయి, అది ఆయన కంట కూడా పడుతుంది. ఆయన వివరణ ఇచ్చి అందులో పస ఉంటే, "ఇది నాకు తెలియదు, ధన్యవాదాలు" అని అక్కడే రాయి. ఇంకో మూల కొత్త పోస్ట్‌లో కాదు. రెండుసార్లు చెప్పినా అదే మాట తిరిగొస్తుంటే ఆపెయ్. మూడోసారి చెప్పేది ఆయన కోసం కాదు, పంతం కోసం.

ఒక్క పని మిగిలింది. "నాలుగైదేళ్లు" అని నేను రాసింది అందరికీ తెలిసిన లెక్క. మీ నాయన్ని అడిగి, మీ పై తోటలో అంటు నాటింది ఏ ఏడో, అమ్ముకునేంత కాపు మొదట ఏ ఏడు వచ్చిందో కనుక్కుని ఆ వాక్యంలో అదే పెట్టు. రాత్రికి మళ్లీ పంపు, చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య,
తిరుపతి