ముఖ్య అతిథి పరిచయం నాలుగు వాక్యాల్లో

సందేహం: మా సభకు కంటి వైద్యులొకరు ముఖ్య అతిథిగా వస్తున్నారు. ఆయన బయోడేటా రెండు పేజీలుంది. నేను రాసుకున్న పరిచయం చదువుతుంటే నాకే ఊపిరాడటం లేదు. ఆయన స్థాయికి తగ్గట్టు, క్లుప్తంగా, అందంగా ఎలా చెప్పాలి?

సమాధానం: మీరు పంపిన పరిచయం 'వేలాది శస్త్రచికిత్సలు చేసిన, పలు సంస్థలలో వివిధ హోదాలలో పనిచేసిన, ఎన్నో పురస్కారాలు అందుకున్న, బహుముఖ ప్రజ్ఞాశాలి అయిన' అంటూ సాగి, చివరికెప్పుడో పేరు దగ్గర ఆగింది. తెలుగులో విశేషణాలన్నీ పేరుకు ముందే వస్తాయి. చదివేవారు వెనక్కి వెళ్లి చూసుకోగలరు గానీ వినేవారికి ఆ వీలు లేదు. 'చేసిన', 'అందుకున్న' అని వరసగా వింటూపోతే, పేరు వచ్చేసరికి మొదటి మాటలు జారిపోతాయి. అందుకని ఒక్కో విషయాన్ని 'చేశారు', 'రాశారు' అని క్రియతో ముగించండి.

ఇక ఏది ఉంచాలన్న ప్రశ్న. ప్రతి వాక్యంలోనూ ఆయన పేరు తీసి మరొకరి పేరు పెట్టి చదవండి. అప్పుడూ అతికితే ఆ వాక్యం కొట్టేయండి. బహుముఖ ప్రజ్ఞ, వివిధ హోదాలు, ఎన్నో పురస్కారాలు ఈ పరీక్షలో నిలవవు. మీ కాగితంలో నిలిచినవి రెండే: ముప్పై ఏళ్లుగా ఊరూరా శిబిరాలు పెట్టి శుక్లాలు తీయడం, కంటి వైద్యం చదివే విద్యార్థుల కోసం తెలుగులో పుస్తకం రాయడం. ఆ రెండూ చాలు. ఇలా చెప్పి చూడండి:

"ఈయన శిబిరాలకు ఎందరో ఒకరి చేయి పట్టుకుని వచ్చారు, తమంతట తాము నడిచి ఇంటికి వెళ్లారు. ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి శుక్లాలు తీస్తున్నారు. తన తరవాత ఆ పని చేసేవారి కోసం తెలుగులో పుస్తకం రాశారు. కంటి వైద్యులు, నేటి మన ముఖ్య అతిథి, డాక్టర్ ఫలానా గారిని వేదికపైకి ఆహ్వానిస్తున్నాను."

మొదటి వాక్యంలో 'చూపు' అన్న మాటే లేదు, అయినా చూపు వచ్చిన సంగతి అందరికీ తెలుస్తుంది. 'అపర ధన్వంతరి', 'చూపునిచ్చే దేవుడు' అంటే పొగడ్త పెరుగుతుంది, ఆయన చేసిన పని మాత్రం కనబడదు. పైగా ఎదురుగా కూర్చుని వింటున్న ఆ పెద్దమనిషి ఇబ్బంది పడతారు. పేరు చివరన రావడం కూడా కావాలనే. చప్పట్లు అక్కడే పడతాయి కాబట్టి ఆ తరవాత మరో విశేషం చేర్చకండి.

రాతలో మరి రెండు సవరణలు. 'వారిచే రాయబడిన పుస్తకం' కాదు, 'వారు రాసిన పుస్తకం'. 'రావలసిందిగా ఆహ్వానిస్తున్నాను' అన్నారు. 'రావలసిందిగా' అని మొదలుపెడితే 'కోరుతున్నాను' అని ముగించండి, 'ఆహ్వానిస్తున్నాను' అనదలిస్తే 'వేదికపైకి' చాలు.

సభకు ముందు ఇంటిపేరు ఎలా పలకాలో, ముప్పై ఏళ్లన్న లెక్క సరైనదో కాదో ఆయననే అడగండి.