లక్షన్నర ఫీజు, గంటకు 502 రూపాయలు

"బెంగళూరులో ఫ్రీలాన్స్ మొదలుపెడదామనుకుంటున్నా. ఒక కంపెనీ మొత్తం ప్రాజెక్టుకు 90 వేలు ఇస్తానంటోంది, పది శాతం టీడీఎస్ పట్టుకుంటారట. పన్నులూ, డబ్బు రాని టైమూ తీసేస్తే గంటకు ఎంత పడినట్టు? ఉద్యోగంతో ఎలా పోల్చుకోవాలి?"

మీ ప్రశ్నకు నా అనుభవంతోనే జవాబు చెప్తాను. నేను ఇంటీరియర్ డిజైనర్‌ని. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఉంటాను, ఉద్యోగం మానేసి ఆరేళ్ళయింది. ఇన్‌కమ్ టాక్స్ తినేది గోరంత, గంటలు తినేది కొండంత అని నా గట్టి నమ్మకం. మధ్యలో జీఎస్టీ అని ఒకటుంది, దాని సంగతి వేరు. నా 2024 నాటి ప్రాజెక్టు ఒకటి విప్పి చూపిస్తాను, మీ లెక్క అందులోంచే వస్తుంది.

గుంజూరు దగ్గర కొత్త అపార్ట్‌మెంట్, త్రీ బెడ్‌రూమ్. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్. మాది నెల్లూరు అనగానే ఆవిడ "అయ్యో, మన వాళ్ళే!" అంది. బెంగళూరులో ఈ మాట వినిపిస్తే చాలు, నా ఫీజులో పది శాతం అక్కడే పోయిందని నాకు తెలుసు. డ్రాయింగులకు మాత్రమే లక్షన్నర అనుకున్నాం, వడ్రంగి పని వాళ్ళు వేరేగా చేయించుకుంటారు. నా మనసులో లెక్క 80 గంటలు. లక్షన్నరని 80తో భాగిస్తే 1,875. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయనకు గొప్పగా చెప్పాను కూడా.

మొదటి దెబ్బ నెలలోపే తగిలింది. అడ్వాన్స్ 50 వేలు వచ్చింది. నా లెక్కలు చూసేది మా బావే, అక్క వాళ్ళాయన, సీఏ.

"ఇందులో జీఎస్టీ ఎంత తీసుకున్నావు?" అన్నాడు.

"కలిపే బావా."

"కలిపి అంటే నీ జేబులోంచి అని అర్థం, తల్లీ."

సర్వీసులు చేసేవాళ్ళకు ఏడాదిలో వసూళ్ళు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. నేను అంతకుముందే దాటేశాను. కట్టాల్సింది 18 శాతం. క్లయింట్ కంపెనీ అయితే మామూలుగా ఆ పన్నుని క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటుంది, పట్టించుకోదు. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఆ దారి లేదు కాబట్టి "అన్నీ కలిపి" అంటారు, మనం మొహమాటానికి సరే అంటాం. లక్షన్నరని 1.18తో భాగిస్తే 1,27,119. మిగిలిన 22,881 ఎప్పుడూ నాది కాదు. పైగా పని సగం కూడా కాకుండానే, అడ్వాన్స్ చేతికి రాగానే దాని మీద జీఎస్టీ కట్టాలి.

ఇక గంటల సంగతి. డ్రాయింగులు ఓకే అయ్యాయి, ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ మర్నాడు విజయవాడ నుంచి వాళ్ళ పెదనాన్నగారు దిగారు. వంటింట్లో నిలబడి ఫోన్‌లో దిక్సూచి యాప్ తెరిచి, "స్టవ్ ఆగ్నేయంలో లేదమ్మా" అన్నారు. డైనింగ్ పక్కన క్రాకరీ యూనిట్ అనుకున్న గోడ ఈశాన్యమట, పూజ అక్కడికి రావాలట. స్టవ్ జరపడమంటే గీత జరపడం కాదు. గ్యాస్ పాయింట్, చిమ్నీ గొట్టం బయటికి పోయే రంధ్రం, ఎగ్జాస్ట్ స్విచ్చి, కింద డ్రాయర్ల కొలతలు అన్నీ జరగాలి. కిచెన్ ప్లాన్, నాలుగు గోడల ఎలివేషన్లు, ఎలక్ట్రికల్ డ్రాయింగు, త్రీడీ చిత్రాలు మళ్ళీ గీశాను. తమాషా ఏమిటంటే, ఆయన ఫ్రిజ్ పక్కన నిలబడి దిక్కు చూశారు. ఇనుము పక్కన ఉంటే ఫోన్ దిక్సూచి తప్పు చూపిస్తుంది. బాల్కనీలోకి తీసుకెళ్ళి చూపిస్తే ఉత్తరం ఇంకోచోట తేలింది. దాంతో సగం మార్పులు వెనక్కి. సంతకాలయ్యాక ఒక్క మార్పులకే 31 గంటలు పోయాయి. "చిన్న మార్పే కదా" అని వాళ్ళు ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టి ఉంటే, మాటకు వంద చొప్పున వసూలు చేసుకునేదాన్ని.

అప్పట్లో నేను టైము రాసుకునేదాన్ని కాదు. 2025 మార్చి 14 రాత్రి, మర్నాటికి అడ్వాన్స్ టాక్స్ కట్టాల్సి ఉండగా కడుపు మండి కూర్చున్నాను. క్యాబ్ యాప్‌లో పాత ట్రిప్పులు, ఫైళ్ళు సేవ్ అయిన టైములు, వాట్సాప్‌లో కాల్స్ తిరగేస్తే మొత్తం బయటపడింది. అసలు గీసిన పని 96 గంటలు. సైట్‌కు తొమ్మిదిసార్లు వెళ్ళాను. రానూపోనూ మూడు గంటల చొప్పున 27, అక్కడ ఉన్నది 13. మైసూర్ రోడ్ టింబర్ యార్డ్ వైపు లామినేట్ షాపుల చుట్టూ తిరిగింది 14. మార్పులు 31, ఫోన్లూ మెసేజీలూ 18, చివరి వాయిదా కోసం వెంటపడింది 5, ఒప్పుకోకముందు మీటింగులు 6. ఇంకొకటి అందరూ మర్చిపోతారు: నాకు ఒక ప్రాజెక్టు దొరకాలంటే మూడు చోట్ల కొటేషన్ ఇచ్చి పోగొట్టుకోవాలి, చోటుకు ఐదు గంటలు. దొరక్కుండా పోయిన ఆ 15 గంటల ఖర్చు కూడా దొరికిన ప్రాజెక్టే మోయాలి. అన్నీ కలిపితే 225.

ఇప్పుడు ఇన్‌కమ్ టాక్స్. ఆ ఏడాది నాటి చట్టంలో ఇంటీరియర్ డెకరేషన్ 44ఏడీఏ సెక్షన్ కిందకు వచ్చేది. అంటే జీఎస్టీ తీసేసిన వసూళ్ళలో కనీసం సగం ఆదాయంగా చూపించాలి, ఖర్చుల బిల్లులు చూపించక్కర్లేదు. లాభం నిజంగా సగం కంటే ఎక్కువుంటే ఎక్కువే చూపించాలి, ఏడాది మొత్తం మీద నాకు అంత మిగల్లేదు. అడ్వాన్స్ టాక్స్ నాలుగు వాయిదాల్లో కాకుండా మార్చి 15 లోపు ఒకేసారి కడితే చాలు. ఆ ఏడాది నా వసూళ్ళు 24 లక్షలు (ఒక డెంటల్ క్లినిక్, రెండు విల్లాలు పుణ్యం కట్టుకున్నాయి), ఆదాయం 12 లక్షలు, కొత్త విధానంలో పన్ను సెస్సుతో 83,200. వసూళ్ళలో మూడున్నర శాతం. గుంజూరు ప్రాజెక్టు వాటాకు 4,400. క్యాబులు, ప్రింట్లు, సాఫ్ట్‌వేర్ వాటా మరో 9,700. మిగిలింది 1,13,019. 225తో భాగిస్తే గంటకు 502.

"అలా సగటున కాదు, పై స్లాబు రేటుతో వేయాలి" అన్నాడు బావ. ఆ ప్రాజెక్టు లేకపోతే తగ్గేది పదిహేను శాతం స్లాబులోంచి కదా అని ఆయన వాదన. అలా వేస్తే ఫీజులో సగం మీద సెస్సుతో పన్ను వాటా 9,900 అవుతుంది, గంటకు 478. నేను రెండూ వాడతాను: అయిపోయినదాన్ని చూసుకోవడానికి సగటు, కొత్తది ఒప్పుకోవాలా వద్దా అనేదానికి పై స్లాబు. మీకు ఉద్యోగం ఉండి పక్కన ఇది చేస్తుంటే మాత్రం తప్పకుండా పై స్లాబే, ఎందుకంటే కింది స్లాబులన్నీ జీతమే నింపేస్తుంది.

కానీ చూడండి, ఇంత వాదించుకుంటే తేడా 24 రూపాయలు. పెదనాన్నగారు రాకుండా ఉంటే గంటకు 583 పడేది. జీఎస్టీ పైన వేసి తీసుకుని ఉంటే 600. జనం మాత్రం ఏ స్లాబులో ఎంత అనేదాని మీదే రాత్రుళ్ళు వీడియోలు చూస్తారు. 2025-26లో అయితే స్లాబులూ రిబేటూ మారాయి, అదే 12 లక్షల ఆదాయం మీద కట్టాల్సింది సున్నా.

ఉద్యోగంతో పోల్చడం. నా పాత జీతం నెలకు 75 వేలు. 2024-25 రేట్లతో పన్ను పోను ఏడాదికి 8,66,200. వారాంతాలు, సెలవులు, పండగలు తీసేస్తే 229 రోజులు, అంటే 1,832 గంటలు, గంటకు 473. అంటే అంత గోల పడి గంటకు 29 రూపాయలు ఎక్కువ సంపాదించానన్నమాట. కంపెనీ వేసే పీఎఫ్, ఆఫీసు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కలిపితే అదీ మిగలదు. అయితే సైట్‌కు వెళ్ళే టైము లెక్కపెట్టినప్పుడు ఆఫీసుకు వెళ్ళే టైమునీ లెక్కపెట్టాలి. సిల్క్ బోర్డు మీదుగా రోజుకు రెండు గంటలు కలిపితే ఆ ఉద్యోగం 378కి పడిపోతుంది. ఈ లెక్క మా అమ్మకు చెప్తే "జీతం ఒకటో తారీఖున వచ్చేది కదే" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నా కొటేషన్‌లో జీఎస్టీ ప్రత్యేకం అని మొదటి లైన్‌లోనే ఉంటుంది. మార్పులు రెండుసార్ల దాకా ఫీజులోనే, ఆపైన గంటకు 1,200. ఆరు సైట్ విజిట్లు దాటితే విజిట్‌కు 3,000. దీనివల్ల ఇద్దరు ముగ్గురు మన వాళ్ళు పోయారు.

మీ 90 వేల దగ్గరికొస్తే, టీడీఎస్ 9,000 ఖర్చు కాదు, దాన్ని పన్నుగా మళ్ళీ తీసేయకండి. మీ పాన్ మీద ముందే జమ అయిన డబ్బు అది. ఏడాది మొత్తం మీద పన్ను పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కంపెనీ నిజంగా కట్టిందో లేదో ఇన్‌కమ్ టాక్స్ వెబ్‌సైట్‌లో కనబడుతుంది. ఒకసారి నా విషయంలో పట్టుకుని కట్టలేదు, మెయిళ్ళు పెట్టి పెట్టి నాలుగు నెలలకు కట్టించాను, ఆ గంటలూ ఉచితమే. వసూళ్ళు 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ గొడవ మీకు లేదు. పన్నేమీ పడదనుకుని, ఖర్చులకు ఐదు వేలు తీసేస్తే 85 వేలు. మీరనుకున్నది 100 గంటలైతే నేను 200 వేస్తాను, గంటకు 425. ఆ రెట్టింపు నమ్మకపోతే మొదటి రెండు వారాలు ఫోన్ కాల్స్‌తో సహా రాసుకుని చూడండి.