పరగడుపున వెనిగర్ నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయి, మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 48 ఏళ్లు, మాది తిరుపతి. షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్‌తో పాటు బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. ఐదు నెలల క్రితం వాకింగ్ మొదలుపెట్టాను. అప్పటి నుంచే అర లీటర్ బాటిల్ నీళ్లలో రెండు పెద్ద చెంచాల యాపిల్ సైడర్ వెనిగర్ కలుపుకొని, నడుస్తూ కొంచెం కొంచెంగా తాగుతున్నాను. ఇంటికి రాగానే బ్రష్ చేస్తాను. షుగర్ తగ్గుతుందని, అందులో పొటాషియం ఉంటుంది కాబట్టి రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం పోతుందని మా వదిన చెప్పింది. మీటర్‌లో పరగడుపు షుగర్ 156 నుంచి 138కి వచ్చింది. కానీ చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయి, గొంతు గరగరగా, మంటగా ఉంటోంది. మానేయాలా? షుగర్ తగ్గింది కదా, మానాలంటే భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మానేయండమ్మా, రేపటి నుంచే. వాకింగ్ మాత్రం మానొద్దు.

ముందు పళ్ల సంగతి చెప్తాను, ఎందుకంటే అక్కడ జరిగిన నష్టం మళ్లీ పూడేది కాదు. చింతకాయ కొరికితే పళ్లు పులిసిపోతాయి కదా, పుల్లటి పదార్థం పంటి పైనున్న గట్టి పొరను, అంటే ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది. పులుపు ఎంతో చెప్పే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట. నోట్లో అది సుమారు 5.5 కంటే కిందికి పోతే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. వెనిగర్‌లో దాదాపు 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, దాని పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది. నీళ్లు కలిపాను కదా అని మీరు ధైర్యంగా ఉన్నారేమో, కానీ మీరు చెప్పిన లెక్క ప్రకారం 30 మిల్లీలీటర్ల వెనిగర్ అర లీటర్‌లో కలిస్తే పీహెచ్ పెరిగేది 3 దాకానే. ఎసిటిక్ ఆమ్లం తీరే అంత, పదిహేడు రెట్లు పలచబడినా పులుపు కొంచెమే తగ్గుతుంది. గొంతులో ఘాటు తగ్గుతుంది కాబట్టి తేలికైపోయిందని అనిపిస్తుంది, పంటికి మాత్రం అది ఇంకా ఆమ్లమే.

దానికంటే ఎక్కువ చేటు చేసింది మీరు తాగిన పద్ధతి. ఒక్కసారిగా తాగేసి నీళ్లతో పుక్కిలిస్తే లాలాజలం ఆ పులుపును కడిగేసి, మెత్తబడిన పొరను మెల్లగా గట్టిపరుస్తుంది. మీరు నడుస్తున్నంతసేపూ గుటక గుటకగా తాగుతున్నారు, అంటే లాలాజలం సర్దుకునే లోపే ఇంకో గుటక పడుతోంది. పైగా పొద్దున లేచీ లేవగానే నోరు ఎండి ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకైతే ఇంకా ఎక్కువ. ఇవన్నీ చాలవన్నట్టు ఇంటికి రాగానే బ్రష్! అప్పటికే మెత్తబడిన పొరను బ్రష్‌తో గీకి తీసేస్తున్నట్టే అది. పులుపు తిన్నా, తాగినా బ్రష్ చేయడానికి కనీసం గంట ఆగాలి.

అద్దంలో చూసుకోండి. ముందు పళ్ల అంచులు గాజులా పారదర్శకంగా కనిపిస్తున్నాయా, పళ్లు ముందుకంటే పసుపుగా మారాయా, దవడ పళ్ల మీద చిన్న గుంటలు పడ్డాయా? ఎక్కడైనా పాత ఫిల్లింగ్ ఉంటే అది చుట్టూ ఉన్న పన్ను కంటే ఎత్తుగా అనిపిస్తోందా? వీటిలో ఏది ఉన్నా ఎనామిల్ అరిగిందని, లోపలి డెంటిన్ పొర బయటపడుతోందని అనుమానించాలి, జివ్వుమనడం కూడా అందుకే. మెత్తబడింది తిరిగి గట్టిపడుతుంది కానీ అరిగిపోయింది తిరిగి రాదు, ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను వచ్చాక మన నోట్లో మిగలవు. ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్, మెత్తటి బ్రష్ వాడండి, ఉప్పు, బొగ్గు, గరుకు పళ్లపొడి జోలికి పోకండి. ఈ నెలలోనే ఒకసారి పళ్ల డాక్టర్‌కు చూపించండి.

గొంతు మంటకు కారణం చాలావరకు అదే ఆమ్లం. మానేసిన రెండు మూడు వారాల్లో తగ్గాలి. తగ్గకపోయినా, గొంతు బొంగురుపోయినా, మింగేటప్పుడు అడ్డం పడుతున్నట్టున్నా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి, వెనిగర్ వల్లేలే అని వదిలేయొద్దు.

ఇప్పుడు పిక్కల గురించి. ఒక పెద్ద చెంచా వెనిగర్‌లో పొటాషియం 11 మిల్లీగ్రాములు, అంతే. మనిషికి రోజుకు 3,500 మిల్లీగ్రాములు కావాలి. ఒక అరటిపండులోనే మూడు వందలకు పైగా ఉంటుంది, అంటే మీ రెండు చెంచాలు ఒక చిన్న ముక్క అరటిపండుకు సమానం. మీ వదిన మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ ఆ మాటలో పస లేదు. అసలు నాకు టెన్షన్ మీ బీపీ మాత్ర మీద. అందులోని హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రంలో పొటాషియంను బయటికి పంపుతుంది, టెల్మిసార్టానేమో దాన్ని ఒంట్లో నిలుపుతుంది. మీలో ఏది పైచేయిగా ఉందో రక్త పరీక్ష చెప్పాలి తప్ప నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. పొటాషియం, సోడియం, క్రియాటినిన్ మూడూ చేయించండి, పొటాషియం సాధారణంగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఈలోగా సొంతంగా పొటాషియం సిరప్, మాత్రలు వేసుకోవద్దు. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో చాలావాటిలో పొటాషియం కలిపి ఉంటుంది, టెల్మిసార్టాన్ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అదీ వాడకూడదు. అలాగని వెనిగర్ విపరీతంగా తాగితే పొటాషియం పెరగదు సరికదా, రోజుకు పావు లీటర్ చొప్పున ఆరేళ్లు తాగిన ఒక యువతికి పొటాషియం బాగా పడిపోయి, ఎముకలు కూడా గుల్లబారినట్టు 1998లో వైద్య పత్రికలో వచ్చింది. మీరు తాగింది అంత కాదు, అందుకు భయపడక్కర్లేదు.

షుగర్ విషయంలో మాత్రం వెనిగర్ కథ పూర్తిగా అబద్ధం కాదు. అన్నం, బ్రెడ్ లాంటి పిండి పదార్థంతో పాటు తీసుకుంటే తిన్న తర్వాత షుగర్ కొంచెం తక్కువగా పెరుగుతుందని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. కడుపులోంచి తిండి కిందికి జారడం నెమ్మదించడం అందుకు ఒక కారణం. అంటే దాని పని భోజనంతో పాటు. మీరు తాగే సమయానికి కడుపులో తిండే లేదు, మరి అది దేన్ని నెమ్మదింపజేస్తుంది? ఇంకో మాట, ఏళ్ల తరబడి షుగర్ ఉండి కడుపు నరాలు దెబ్బతిన్నవాళ్లకు తిండి అసలే ఆలస్యంగా కదులుతుంది, వాళ్లకు వెనిగర్ ఇంకా ఇబ్బంది.

మరి 156 నుంచి 138కి ఎలా వచ్చింది అంటారా? ఇంట్లో వాడే మీటర్‌కు 15 శాతం దాకా తేడా చూపే అవకాశం ఉంది, ఈ రెండు అంకెల మధ్య తేడా 12 శాతమే. ఒకవేళ నిజంగానే తగ్గిందనుకున్నా, అదే రోజు మొదలైన వాకింగ్‌ను పక్కనపెట్టి ఆ పేరు వెనిగర్‌కు ఇవ్వడం న్యాయం కాదు. ఇలా చేయండి. వెనిగర్ ఆపి, నడక, మెట్‌ఫార్మిన్ యథాతథంగా ఉంచి, రెండు వారాల పాటు రోజు విడిచి రోజు పరగడుపున చూసుకుని రాసిపెట్టండి. ఒక్క అంకె కాదు, ఏడు అంకెలు ఉంటాయి అప్పుడు. అవి 138 చుట్టూనే తిరుగుతుంటే వెనిగర్ చేసింది ఏమీ లేదని మీకే తెలిసిపోతుంది. పెరిగితే మాత్ర మోతాదు గురించి మీ డాక్టర్‌తో మాట్లాడాలి, బాటిల్ మళ్లీ తెరవడం కాదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి మూడు నెలలు దాటితే అదీ ఒకసారి చూడండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రాసుకున్న షుగర్ అంకెలు, బీపీ మాత్ర స్ట్రిప్ రెండూ తీసుకెళ్లండి. పిక్కలు వారంలో ఎన్ని రాత్రులు పట్టేస్తున్నాయో కూడా చెప్పండి. కాళ్లు బాగా నీరసించినా, గుండె దడగా కొట్టుకున్నా మాత్రం ఈ రెండు వారాలు ఆగకుండా అదే రోజు వెళ్లి పొటాషియం పరీక్ష చేయించుకోండి.