గ్రేస్ పీరియడ్ నమ్ముకుని బండి తీయకండి

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్ళు. డ్రైవింగ్ లైసెన్స్ గడువు వచ్చే నెలతో అయిపోతుంది. గడువు తీరాక ఇంకో ముప్పై రోజులు నడుపుకోవచ్చని తెలిసినవాళ్ళు చెబుతున్నారు, నిజమేనా? మెడికల్ సర్టిఫికెట్ ఎవరి దగ్గర తీసుకోవాలి?

ఆ తెలిసినవాళ్ళు చెప్పింది ఒకప్పుడు నిజమే. ఇప్పుడు కాదు. పాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 14లో, గడువు తీరినా ముప్పై రోజుల వరకు లైసెన్స్ చెల్లుతుందని ఒక వాక్యం ఉండేది. 2019 సవరణలో దాన్ని తీసేశారు, ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అది లేదు. కార్డు మీద ఏ తేదీ ఉంటే ఆ తేదీతో సరి. మర్నాడు పొద్దున స్కూటర్ తీసి కూరగాయలకు వెళ్ళినా, చట్టం లెక్కలో లైసెన్స్ లేకుండా నడిపినట్టే.

ఇది నా సొంత వ్యాఖ్యానం కాదు. తెలంగాణ పోలీసు శాఖలో డ్రైవర్ ఉద్యోగాల నియామకం మీద ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నోటిఫికేషన్ నాటికి రెండేళ్ళుగా లైసెన్స్ నిరంతరంగా ఉండాలన్నది షరతు. కొందరు అభ్యర్థులకు మధ్యలో గడువు తీరింది, కొన్నాళ్ళ తరువాత రెన్యూవల్ చేయించుకున్నారు. ఎలాగూ రెన్యూవల్ అయింది కదా, ఆ మధ్య రోజులు కూడా కలిసిపోతాయని వాళ్ళ వాదన. కలవవని 2025 నవంబర్‌లో కోర్టు తేల్చింది. గడువు తీరిన తేదీకీ రెన్యూవల్ అయిన తేదీకీ మధ్య ఆ మనిషికి లైసెన్స్ లేనట్టే. ఎంత కష్టపడి చదువుకుని ఉంటారో ఆ కుర్రాళ్ళు, కార్డు మీద తేదీ చూసుకోక ఉద్యోగం పోగొట్టుకున్నారు.

మరి ఈ గ్రేస్ పీరియడ్ మాట జనం నోట్లోంచి ఎందుకు పోవడం లేదంటే, ఫీజుల రూల్స్‌లో ఆ మాట ఇంకా అలాగే ఉంది కనుక. కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో రెన్యూవల్ ఫీజు 200 రూపాయలు. గ్రేస్ పీరియడ్ దాటాక దరఖాస్తు పెడితే 300, ఆపైన ఆలస్యమైన ప్రతి ఏడాదికీ, ఏడాదిలో కొంత భాగమైనా సరే, వెయ్యి రూపాయలు అదనం. కార్డుకు, సర్వీసుకు రాష్ట్రాలు వేసే చార్జీలు వేరే. ఆ మాటకు ఇప్పుడు మిగిలింది జేబుకు సంబంధించిన అర్థమే, బండి నడపడానికి దాంతో పనిలేదు. ఏజెంట్లు ఈ తేడా చెప్పరు. "ఏం పర్లేదు సార్, గ్రేస్ ఉంది" అంటారు, మనం హాయిగా బండి మీద ఇంటికొచ్చేస్తాం.

ఇంకో లెక్క ఏడాదిది. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచీ, తీరిన ఏడాది వరకూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఏడాది కూడా దాటిపోతే మళ్ళీ డ్రైవింగ్ టెస్ట్ పాసవ్వాలి. పాత చట్టంలో ఇందుకు అయిదేళ్ళు ఉండేది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉండి రెండేళ్ళకోసారి ఊరొచ్చేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. సంక్రాంతికి వచ్చి పర్సులోంచి కార్డు తీసి చూసుకుంటారు, గడువు తీరి పద్నాలుగు నెలలై ఉంటుంది.

అలాగని ఏడాది ముందే పరిగెత్తడం కూడా తెలివైన పని కాదు. ముందుగా చేయించుకుంటే కొత్త గడువు రెన్యూవల్ చేసిన రోజు నుంచే మొదలవుతుంది, పాతదాంట్లో మిగిలిన నెలలు కలపరు. 55 దాటినవాళ్ళకు ఇచ్చేది అయిదేళ్ళే, అందులో పది నెలలు వదులుకోవడం ఎందుకు? అయినా పెద్దవాళ్ళ విషయంలో మూడు నెలల ముందు మొదలుపెట్టమనే నేనంటాను. ఎందుకంటే అసలు కథ మెడికల్ సర్టిఫికెట్ దగ్గర ఉంది.

నలభై దాటినవాళ్ళు రెన్యూవల్‌కు ఫారం 1ఎ ఇవ్వాలి. ఫారం 1 మన ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే డిక్లరేషన్, 1ఎ డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్. ఫోటో అంటించి, డాక్టర్ సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అందులో ఏం అడుగుతారో ఒక్కసారి చదవండి. మంచి పగటి వెలుతురులో పాతిక మీటర్ల దూరంలో ఉన్న కారు నంబర్ ప్లేట్ పోల్చుకోగలరా (అద్దాలు పెట్టుకునేవాళ్ళు పెట్టుకునే చూడవచ్చు), ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, హారన్ లాంటి మామూలు శబ్దాలు వినిపిస్తాయా, అవయవ లోపం ఏమైనా ఉందా. మూర్ఛ, కళ్ళు తిరిగి పడిపోవడం లాంటివి ఫారం 1లో మనమే చెప్పాలి. మంచి ప్రశ్నలే. అడిగేవాడు ఉండాలి కదా!

మా నాన్నకు పోయిన ఏడాది నవంబర్‌లో గడువు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు, 67 ఏళ్ళు. స్కూటర్ రోజూ, కారు శుభకార్యాలకు. ఆగస్టులోనే కదిలాం. ఆర్టీఏ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో అడిగితే, ఆ అబ్బాయి డ్రాయర్ లాగి ఒక కట్ట బయట పెట్టాడు. అన్నీ ఫారం 1ఎలే, అన్నిటి మీదా డాక్టర్ సంతకం, ముద్ర ముందే పడి ఉన్నాయి. పేరు, వయసు మనం నింపుకోవాలి. "ఫోటో ఇవ్వండి మాస్టారూ, అయిదు నిమిషాల్లో చేతిలో పెడతా" అన్నాడు. నాన్న ఫోటో తీయబోతుంటే నేను వద్దన్నాను. నాన్నకు కోపం వచ్చింది. "నలభై ఏళ్ళ నుంచి నడుపుతున్నా, నాకు కళ్ళు లేవంటావా?"

ఇంటికొచ్చాక మా వీధిలో ఎదురింటి వాళ్ళ కారు నుంచి ముప్పైకి పైగా పెద్ద అంగలు వేసి, అక్కడ నాన్నను నిలబెట్టాను. అద్దాలు పెట్టుకుని రెండు కళ్ళతో గడగడా చదివేశారు. "చూశావా" అన్నారు. కుడి కన్ను మూసుకోమన్నాను. అక్షరాలు చదివారు, అంకెల దగ్గర ఆగిపోయారు. మూడంటారు, ఎనిమిదంటారు, చివరికి ప్లేట్ మీద దుమ్ముందన్నారు. మా అమ్మ గుమ్మంలోంచి వచ్చి, అంతకంటే వెనక నిలబడి నంబరంతా చదివేసింది. ఆవిడ జన్మలో బండి నడపలేదు.

మర్నాడు కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎడమ కంట్లో శుక్లం. రాత్రిపూట ఎదురొచ్చే లైట్ల చుట్టూ వెలుగు చెదిరినట్టు ఉంటుందా అని ఆయన అడిగారు. రెండేళ్ళ నుంచి నాన్న తిడుతున్నది సరిగ్గా అదే! ఈ తెల్ల ఎల్‌ఈడీ లైట్లు పెట్టి కళ్ళల్లో కొడుతున్నారు, మనుషులకు బుద్ధి లేదు అని. బుద్ధి లేని మాట నిజమే. ఊరి మధ్యలో కూడా హైబీమ్ దించని వాళ్ళను ఎవరూ ఆపరు, హెల్మెట్ లేదని మాత్రం ఫోటో తీసి ఇంటికి చలానా పంపుతారు. కానీ నాన్న బాధలో సగం శుక్లానిది కూడా. ఒక కన్ను బాగుంటే రెండోదాని లోటును అది కప్పేస్తుంది. అందుకే నడిపేవాళ్ళకు తెలియదు.

సెప్టెంబర్ మొదట్లో ఆపరేషన్ అయింది. కన్ను కుదుటపడి కొత్త అద్దాలు వచ్చేసరికి అక్టోబర్ మధ్యకొచ్చాం. ఈలోగా బండి తాళాలు నా దగ్గరే. ఆ నెలన్నర ఇంట్లో జరిగిన యుద్ధాలు రాస్తే వేరే పోస్ట్ అవుతుంది. తరువాత మా ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన కంటి రిపోర్ట్ చూసి, తాను కూడా ఒక్కో కన్ను మూయించి చూసి, బీపీ, షుగర్ ఆరా తీసి 1ఎ మీద సంతకం పెట్టారు. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: ముందు కంటి డాక్టర్, ఆ తరువాత మీ నాన్నగారి ఆరోగ్యం తెలిసిన రిజిస్టర్డ్ డాక్టర్. ఫలానా డాక్టర్ల సర్టిఫికెట్టే కావాలని మీ ఆర్టీఏ ఆఫీసులో అంటారేమో ముందే కనుక్కోండి. షుగర్ ఉంటే, కళ్ళు తిరిగేలా చేసే మందులు వాడుతుంటే దాచొద్దు. ఫారం 1 మీద సంతకం పెట్టేది ఆయనే.

దరఖాస్తు sarathi.parivahan.gov.in లో. లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొడితే వివరాలు వస్తాయి. మాకు ఆగింది ఓటీపీ దగ్గర. నాన్న లైసెన్స్‌కు ఎప్పుడో వదిలేసిన మొబైల్ నంబరు ఉంది, ముందు అది మార్చుకోవాల్సి వచ్చింది. మీరు ఈరోజే అది చూసుకోండి. 1ఎ స్కాన్ చేసేటప్పుడు డాక్టర్ ముద్రలో రిజిస్ట్రేషన్ నంబరు చదవడానికి వీలుగా ఉందో లేదో చూడండి, మసగ్గా ఉంటే తిప్పి పంపుతారు. కార్డు మీద రెండు గడువులు ఉంటే, ఎన్‌టీ అని ఉన్నది సొంత బండ్లకు, టీఆర్ అని ఉన్నది ట్రాన్స్‌పోర్ట్ వాహనాలకు. ఒకదాని తేదీ చూసి రెండోది కూడా ఉందనుకోకూడదు.

మీకు నెల టైమే ఉంది. కంట్లో ఏమీ లేకపోతే హాయిగా సరిపోతుంది. ఏదైనా తేలితే గడువు తప్పకుండా దాటుతుంది, దాటనివ్వండి. ఏడాదిలోపు ఎప్పుడైనా టెస్ట్ లేకుండానే రెన్యూవల్ అవుతుంది, పోయేది ఫీజు కొంచెం. ఆ మధ్య రోజుల్లో మాత్రం ఆయన నడపకూడదు. పోలీసులు పట్టుకుంటే సెక్షన్ 181 కింద అయిదు వేల జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. నాకు అంతకన్నా భయం ఇన్సూరెన్స్. ప్రమాదం జరిగిన రోజు చెల్లే లైసెన్స్ లేకపోతే మన బండి రిపేరు క్లెయిమ్ తిరగ్గొట్టడానికి కంపెనీకి అదే చాలు. అవతలివాళ్ళకు పరిహారం కంపెనీ చేత కోర్టు ఇప్పించినా, ఆ డబ్బు మన దగ్గర వసూలు చేసుకోమనవచ్చు.

ఇంకొక్కటి. నాన్నగారికి 66 అంటే మీరూ నలభైకి అటూఇటూ ఉంటారు. పాత చట్టంలో కుర్రవాళ్ళకు ఇరవై ఏళ్ళకో, యాభై ఏళ్ళ వయసు వరకో, ఏది ముందైతే అంతవరకు ఇచ్చేవారు. 2006లో ఇరవై ఏళ్ళప్పుడు తీసుకున్నవాళ్ళకు 2026లో గడువు తీరుతుంది, నలభై నిండితే వాళ్ళకూ ఫారం 1ఎ కావాలి. నాన్నగారి కార్డుతోపాటు మీది కూడా తీసి తేదీ చూడండి.