పెద్దమనుషుల్లో అన్న మాటకి తమ్ముడిని క్షమాపణ అడగాలంటే

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నాకు 58 ఏళ్లు. నాన్న 2011లో వీలునామా రాయకుండానే పోయారు. ఆయన కష్టార్జితం మూడెకరాల మాగాణి. పాసుపుస్తకం నా ఒక్కడి పేరుకి మార్పించుకున్నాను. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడు నన్ను నమ్మి, చదవకుండానే సంతకాలు పెట్టాడు. 2014లో కూతురి ఆపరేషన్‌కని తన వాటా అడిగితే, పెద్దమనుషుల్లో కూర్చుని "నీ చదువుకి పెట్టిందే నీ వాటా" అన్నాను. లాయరు నోటీసు పంపాడు గానీ కోర్టుకి వెళ్లలేదు. అప్పట్నుంచి మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు వచ్చి కూడా నాతో మాట్లాడకుండానే వెళ్లాడు. చెల్లెలికి పెళ్లిలో ఇచ్చేశాం. ఇప్పుడు మా అబ్బాయి పెళ్లి కుదిరింది. తమ్ముడికి క్షమాపణ ఉత్తరం రాశాను, నకలు పంపుతున్నాను. పోస్టు చెయ్యమంటారా?

జవాబు: ఇప్పుడున్నట్టుగా పంపకండి. ఉత్తరం రాయాలన్న మీ ఆలోచన మాత్రం వదులుకోవద్దు.

మీ ఉత్తరంలో "ఏదో జరిగిపోయింది" అని ఉంది, "నీ మనసు కష్టపెట్టి ఉంటే క్షమించు" అని ఉంది, "తప్పు ఇద్దరిలోనూ ఉంది" అని ఉంది. మీరు అన్న ఆ మాట మాత్రం ఎక్కడా లేదు. నాకు ప్రశ్నగా రాసినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పారు, తమ్ముడికి రాసేసరికి దాన్నే దాచేశారు. ఆ ఉత్తరం చదివితే అతను మొదట వెతికేది ఆ మాటనే. కూతురిని ఆస్పత్రిలో పెట్టుకుని వచ్చిన మనిషి నలుగురి ముందు తలొంచుకుని లేచి వెళ్లాడు. పొలం పోయిన బాధ కంటే, అన్న తనకి చదువు చెప్పించడాన్ని అప్పుగా లెక్కగట్టాడన్న బాధ ఎక్కువ కాలం నిలుస్తుంది. అది పేరుపెట్టి చెప్పకపోతే "అన్నయ్యకి ఇంకా తెలియలేదు" అనుకుని మడిచి పక్కన పడేస్తాడు.

ఇలా మొదలుపెట్టి చూడండి: "తమ్ముడూ, 2014లో పెద్దమనుషుల ముందు నీ చదువుకి పెట్టిందే నీ వాటా అన్నాను. పాపకి ఆపరేషన్ అని తెలిసే అన్నాను. నీ చదువుకి పెట్టింది నాన్న సొమ్ము, దాన్ని నేను పెట్టినట్టు చెప్పుకున్నాను. నాన్న పోయాక నువ్వు నన్ను నమ్మి సంతకాలు పెడితే పాసుపుస్తకం నా పేరుకి మార్పించుకున్నాను. అది మోసం." ఇందులో మీ విషయంలో నిజం కానిది ఏదైనా ఉంటే తీసెయ్యండి. ఉదాహరణకి అతని ఫీజులకి మీరు నిజంగా అప్పు చేసి ఉంటే ఆ ముక్క మార్చండి, కానీ దాన్ని సాకుగా వాడుకోకండి. నాన్నగారి మందుల ఖర్చు, మీ ఆవిడ పట్టుదల, అతను పంపిన నోటీసు, ఇవేవీ ఈ ఉత్తరంలోకి రాకూడదు. ఖర్చుల లెక్క ఉంటే తర్వాత లెక్కలు చూసుకునేటప్పుడు పెట్టుకోవచ్చు.

చివర్లో పెళ్లికి అందరూ రావాలని రాశారు. అది కొట్టెయ్యండి. బాబాయి లేకుండా పెళ్లి చేస్తే ఊళ్లో మాట వస్తుందని మీకు బెంగ ఉండటం సహజమే. కానీ ఆ ఒక్క వాక్యంతో ఉత్తరమంతా పిలుపు కోసం రాసినట్టయిపోతుంది. శుభలేఖ వేరుగా, ఉత్తరం అందిన కొన్ని వారాల తర్వాత పంపండి. ముహూర్తం మరీ దగ్గరపడితే శుభలేఖ మామూలుగా పంపేసి, ఉత్తరం పెళ్లయ్యాకే వెయ్యండి.

ఇక పొలం సంగతి. "నీకు న్యాయం చేస్తాను" అని రాశారు. ఎంత, ఎప్పుడు, ఎలా అన్నది చెప్పకపోతే ఆ మాటకి విలువ లేదు. పాసుపుస్తకంలో పేరు మారినంత మాత్రాన తమ్ముడి హక్కు పోదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన తండ్రి కష్టార్జితం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమానంగా వస్తుంది. అమ్మగారు కూడా ఏమీ రాయకుండా పోయి ఉంటే ఆవిడ వాటా మళ్లీ మీ ముగ్గురికే. అంటే ఎకరం మీది, ఎకరం తమ్ముడిది, ఎకరం చెల్లెలిది. పెళ్లిలో పెట్టినదాంతో ఆవిడ హక్కు తీరిపోదు. వద్దనుకుంటే ఆ మాట ఆవిడే తన ఇష్టంతో చెప్పి, రిజిస్టరు చేసి వదులుకోవాలి. చెల్లెలిని పక్కనపెట్టి మీరిద్దరూ సగం సగం పంచుకుంటే పాత తప్పే మళ్లీ చేసినట్టు.

కాబట్టి ఉత్తరం కంటే ముందు మీ ఆవిడతోనూ అబ్బాయితోనూ కూర్చుని మాట్లాడండి. రేపు కొత్త కోడలు వచ్చే ఇల్లు. మూడెకరాలూ మనవే అన్న లెక్కతో సంబంధం కుదిరి ఉంటే అవతలివాళ్లకి కూడా నిజం చెప్పాలి. ఉత్తరం వెళ్లాక ఇంట్లో గొడవై మీరు వెనక్కి తగ్గితే, ఇక జన్మలో మిమ్మల్ని నమ్మడు. ఆ ఎకరం ఇవ్వడానికి మీకు మనసు రాకపోతే ఈ ఉత్తరం అసలు వెయ్యకండి.

ఇంట్లో ఒప్పుకున్నాక ఇంకో పేరా చేర్చండి: "నాన్న పొలంలో ఎకరం నీది. నువ్వు నన్ను క్షమించినా క్షమించకపోయినా అది నీదే. ఇన్నేళ్ల కౌలు కూడా లెక్కకట్టి ఇస్తాను. నీకు వీలున్నప్పుడు పార్టిషన్ దస్తావేజు రాయించుకుందాం. ఈసారి కాగితం నీ లాయరుతో రాయించు." చివరి వాక్యం తప్పకుండా ఉండనివ్వండి. ఒకసారి నమ్మి సంతకం పెట్టి మోసపోయిన మనిషి మీరు రాయించిన కాగితం మీద మళ్లీ ఎందుకు పెడతాడు? పొలం మీరే సాగు చేసుకున్నా కౌలు కౌలే. మీ ఊళ్లో ఏ ఏడాది ఎకరానికి ఎన్ని బస్తాలు నడిచిందో ఆ ఏడాదికి అంతే కట్టండి.

ఇలా రాసిస్తే రేపు కోర్టులో మీకే అడ్డం తిరుగుతుందని ఎవరైనా అనొచ్చు. నిజమే, మీ సంతకంతో ఉన్న ఉత్తరం మీ ఒప్పుకోలు కిందకి వస్తుంది. ఇవ్వాలనే నిర్ణయించుకున్నవాళ్లకి దానివల్ల పోయేదేమీ లేదు. దస్తావేజు ముసాయిదా మీ లాయరుకి చూపించుకోండి గానీ ఉత్తరాన్ని ఆయన చేత దిద్దించకండి. ఆయన భాష వస్తే తమ్ముడు పోల్చేస్తాడు.

మీ చేత్తో రాయండి. ఒక కాగితం చాలు. వాట్సాప్‌లో వద్దు, నీలం గీతలు పడ్డాయా లేదా అని మీరూ, చూసినట్టు తెలిసిపోయిందని అతనూ ఇబ్బంది పడతారు. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి కూడా పంపకండి, నోటీసులు నడిచిన ఇంట్లో అలాంటి కవరు చూడగానే గుండె గుభేలుమంటుంది. మధ్యవర్తులూ వద్దు. కానీ ఆనాడు కూర్చున్న పెద్దల్లో ఉన్నవాళ్ల దగ్గరికి మాత్రం మీరే వెళ్లి, "ఆ రోజు నేనన్నది తప్పు, పొలంలో వాడికి వాటా ఉంది" అని చెప్పండి. మాట నలుగురిలో పడింది కాబట్టి నలుగురిలోనే దిద్దుకోవాలి. చెప్పానని ఉత్తరంలో ఒక్క ముక్క రాస్తే చాలు.

జవాబు రాకపోవచ్చు. "పొలం ఇచ్చి పో, మాటలొద్దు" అని కూడా అనొచ్చు. అలా అన్నా ఒప్పుకోండి. రెండో ఉత్తరం వెంటనే రాయకండి, చెల్లెలితో కబుర్లు పంపకండి. దస్తావేజుకి కావలసిన పని ఈలోగా మొదలుపెట్టండి: చెల్లెలితో మాట్లాడటం, సర్వేయరుతో కొలిపించి మూడు ముక్కలకీ హద్దులు చూసుకోవడం, కౌలు లెక్క రాసుకోవడం. నీటి వసతి ఉన్న ముక్క, రోడ్డు వైపు ముక్క ఎవరికన్నది మీరు తేల్చకండి. ముందు తమ్ముడినీ చెల్లెలినీ కోరుకోనిచ్చి, మిగిలింది మీరు తీసుకోండి.