ఫ్యాన్ పేజీలో ఫోన్ కవర్ రివ్యూలు

*నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. ఎండాకాలం కరెంటు పోతే అమ్మ నిద్రపోలేకపోతోందని ఆన్‌లైన్‌లో ఒక చార్జింగ్ ఫ్యాన్ చూశాను. 4.3 స్టార్లు, 6,200 రేటింగులు ఉన్నాయి. 4,999 రూపాయలది 1,499కే ఇస్తున్నారట. బ్రౌజర్‌లో దొంగ రివ్యూలు పట్టే ఎక్స్‌టెన్షన్ వేసుకుని చూడమని తమ్ముడు అంటున్నాడు. ఏది వేసుకోమంటారు? లింకు పంపిస్తున్నాను. – ఒక పాఠకురాలు*

ఏదీ వేసుకోవద్దండీ. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మీరు పంపిన పేజీ సంగతి చూద్దాం. ఈ నెలలో ఇలాంటి ఉత్తరాలు బరంపురం నుంచి, రాయగడ నుంచి కూడా వచ్చాయి. అందరూ స్టార్ల గురించే అడుగుతున్నారు, ధర గ్రాఫ్ గురించి ఒక్కరూ అడగలేదు. నేను మాత్రం ముందు గ్రాఫే చూస్తాను.

మీ లింకులో /dp/ తర్వాత పది అక్షరాల కోడ్ ఒకటి ఉంది. దాన్ని కాపీ చేసి, ధరల చరిత్ర చూపే ఒక వెబ్‌సైట్‌లో పేస్ట్ చేశాను. ఇలాంటి సైట్లలో కొన్ని మొదట మూడు నెలల గ్రాఫే చూపిస్తాయి. అక్కడితో ఆగకుండా మొత్తం కాలం చూపించమని నొక్కాలి. నొక్కితే కనిపించింది ఇది: రెండేళ్ల కిందట ఈ పేజీలో ధర 199 నుంచి 249 మధ్య ఉంది. దాదాపు తొమ్మిది నెలలు అలాగే నడిచింది. ఆ తర్వాత మూడు నెలలు గీతే లేదు, అంటే సరుకు లేదు. మళ్లీ మొదలైనప్పుడు ధర 1,299.

బ్యాటరీ ఉన్న ఫ్యాన్‌ను 199 రూపాయలకు ఎవరూ అమ్మలేరు. అంటే అప్పట్లో ఆ పేజీలో అమ్మింది ఇంకో వస్తువు. అదేమిటో తెలుసుకోవడానికి రివ్యూల్లో వెతికే పెట్టెలో "cover" అని కొట్టాను. "ఫోన్‌కి కరెక్టుగా సరిపోయింది", "కలర్ ఫొటోలో ఉన్నట్టే ఉంది" అనే అర్థంలో వరసగా ఇంగ్లీషు రివ్యూలు వచ్చాయి. అమ్మకందారు పాత ఫోన్ కవర్ పేజీని తీసుకుని పేరు, ఫొటోలు మార్చి ఫ్యాన్ పెట్టాడు. మీరు చూసిన ఆ 6,200లో ఎక్కువ భాగం కవర్ కొన్నవాళ్లు నిజాయితీగా ఇచ్చినవే. అందుకే రివ్యూల భాషను బట్టి దొంగవి పట్టే పరికరాలకు ఇది సులభంగా దొరకదు. ఆ మాటలు రాసింది మనుషులే, కొన్నది కూడా నిజమే. తేడా వస్తువులో ఉంది.

ఇక కొత్త రివ్యూలు. వరస Most recent అని మార్చి, గత రెండు నెలల్లో రాసినవి లెక్కపెట్టాను. 41 ఉన్నాయి. అందులో 17 ఒక్క స్టార్‌వి. ఫుల్ స్పీడ్‌లో నలభై నిమిషాలకే ఆగిపోతోందని, చార్జింగ్ పిన్ వదులైపోయిందని ఎక్కువమంది రాశారు. 19 ఐదు స్టార్లవి. అవన్నీ ఒకే వారంలో పడ్డాయి, రెండు మూడు మాటలకు మించి లేవు. మిగతా 5 రెండు, మూడు, నాలుగు స్టార్లవి. నేను ముందుగా చదివేది ఈ ఐదే. డబ్బు తీసుకున్నవాళ్లు మూడు స్టార్లు ఇవ్వరు, కోపంలో ఉన్నవాళ్లూ ఇవ్వరు.

ఒకే వారంలో 19 పడ్డాయి కాబట్టి దొంగవే అని వెంటనే అనకూడదు. పండగ సేల్‌లో ధర తగ్గితే ఎక్కువమంది కొంటారు, పది పదిహేను రోజులకు వాళ్ల రివ్యూలు గుంపుగా వస్తాయి. అది సహజం. అందుకే రివ్యూల తేదీలను ధర గ్రాఫ్ పక్కన పెట్టి చూడాలి. ఇక్కడ ఆ వారంలో గానీ, దానికి ముందు నెలలో గానీ ధర ఒక్క రూపాయి తగ్గలేదు, 1,299 దగ్గరే ఉంది. రివ్యూలు పడిన వెంటనే 2,199కి పెంచారు. పన్నెండు రోజుల తర్వాత 1,499కి దించి "ఆఫర్" అన్నారు. 4,999 అనే ధరకు ఈ ఫ్యాన్ ఒక్కరోజు కూడా అమ్మలేదు. మీకు తగ్గింపు అంటున్నది నిజానికి మూడు వారాల కిందటి ధర కంటే రెండు వందలు ఎక్కువ.

"కొన్నట్టు నిర్ధారణ అయింది" అన్న ముద్ర చూసి కూడా నమ్మకండి. ఆర్డర్ పెట్టించి, రివ్యూ పడ్డాక డబ్బు యూపీఐలో తిరిగిచ్చే గ్రూపులు ఉన్నాయి. అలా వచ్చిన రివ్యూకీ ఆ ముద్ర పడుతుంది.

గ్రాఫ్‌కూ హద్దులున్నాయి. బ్యాంకు కార్డు తగ్గింపులు అందులో సాధారణంగా కనిపించవు. పిన్‌కోడ్‌ను బట్టి అమ్మకందారు మారితే మీకు కనిపించే ధర వేరే ఉండొచ్చు. యాభై, వంద తేడాను పట్టించుకోకండి.

ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ మాట. నాకు నిజంగా టెన్షన్ పుట్టించేది ఇదే. ఇలాంటి ఎక్స్‌టెన్షన్లలో చాలా, మీరు తెరిచే అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి అనుమతి అడుగుతాయి. అన్ని వెబ్‌సైట్లంటే మీ బ్యాంకు పేజీ కూడా. ఈరోజు దాన్ని తయారుచేసినవాళ్లు మంచివాళ్లే కావచ్చు. రేపు ఇంకొకరికి అమ్మేస్తే, అప్‌డేట్ మీకు తెలియకుండానే దిగిపోతుంది. లక్షలమంది వాడిన ఒక ట్యాబ్ ఎక్స్‌టెన్షన్ ఇలాగే చేతులు మారింది. చివరికి 2021లో అందులో హానికరమైన కోడ్ ఉందని దాన్ని తీసేయాల్సి వచ్చింది.

ఫోన్‌లో అయితే ఇంకా ప్రమాదం. షాపింగ్ యాప్ మీద ధర పోలిక చూపిస్తామంటూ కొన్ని యాప్‌లు యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. చూపు సరిగా లేనివాళ్లకు తెర మీది మాటలు చదివి వినిపించడానికి పెట్టిన ఏర్పాటు అది. దాన్ని ఇచ్చారంటే తెర మీద కనిపించే మెసేజ్‌లు, ఓటీపీలు ఆ యాప్ చదవగలదు, మీ బదులు నొక్కగలదు కూడా. వంద రూపాయలు మిగులుతాయని ఆ అనుమతి ఇవ్వడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. మీ తమ్ముడు ఇప్పటికే కంప్యూటర్‌లో ఎక్స్‌టెన్షన్ వేసి ఉంటే chrome://extensions తెరిచి, దాని వివరాల్లో Site access దగ్గర On click అని మార్చమనండి. ఫోన్‌లో వేసి ఉంటే యాప్ తీసేయమనండి.

రివ్యూలు పరీక్షించే పరికరాల మీద పూర్తిగా ఆధారపడటమూ కుదరదు. ఎక్కువమందికి తెలిసిన ఫేక్‌స్పాట్ 2025 జూలై 1న మూతపడింది. అది ఉన్న రోజుల్లోనూ ఇచ్చిన గ్రేడు రివ్యూల తీరు మీదే, వస్తువు నాణ్యత మీద కాదు.

అసలు వస్తువు మారితే పాత రేటింగులు సున్నా కావాలి. ఫోన్ కవర్ పేజీ ఫ్యాన్ పేజీగా మారిందని గుర్తించడం అంత పెద్ద సైట్లకు కష్టమేమీ కాదు, విభాగమే మారిపోయింది కదా. ఆన్‌లైన్ రివ్యూల కోసం భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది, కానీ పాటించడం సైట్ల ఇష్టానికే వదిలారు. దాన్ని తప్పనిసరి చేయాలి. ఈ భారమంతా మీలాంటి కొనేవాళ్ల మీద పెట్టడం అన్యాయం.

ఈ ఫ్యాన్ కొనకండి. అదే సైట్‌లో 1,650కి ఇంకొకటి చూశాను. 180 రేటింగులే ఉన్నాయి, కానీ అన్ని రివ్యూలూ ఫ్యాన్ గురించే. ఎనిమిది నెలల కిందట 1,799తో మొదలై మెల్లగా దిగింది. లింకు మీకు పంపాను. ఆర్డర్ పెట్టే ముందు మీ పిన్‌కోడ్ కొట్టి, రిటర్న్ తీసుకెళ్లడానికి ఇంటికి వస్తారో లేదో చూడండి. రామంటే పర్లాకిమిడి బజారులోనే ఫుల్ చార్జ్ చేయించి, ఫుల్ స్పీడ్‌లో గంటసేపు తిప్పించి చూసి తీసుకోండి.